మూఢంలో ఖాళీ అయిన గల్లా: ఒక పెళ్ళిబట్టల దుకాణానికి నెలవారీ నగదు అంచనా

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో చిన్న, మధ్యతరహా వ్యాపారుల లెక్కలు చూడటం నా వృత్తి. ఈ దుకాణం యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఊరిలో అది ఎక్కడ ఉందో చెప్పను. అంకెలను ఒకే నిష్పత్తిలో మార్చాను కాబట్టి వాటి మధ్య సంబంధం మాత్రం అసలుదే. అమ్మకాలు నెలకొక రకంగా ఉండే దుకాణానికి నగదు అంచనా వేయాలంటే ముందు ఏం తెలుసుకోవాలో ఈ కేసు చెప్పినంత స్పష్టంగా నాకు మరొకటి చెప్పలేదు.

నేపథ్యం

చిత్తూరులో రెండు తరాలుగా నడుస్తున్న బట్టల దుకాణం. కంచి, ఆరణి పట్టుచీరలు, సూరత్ నుంచి వచ్చే ఫ్యాన్సీ చీరలు, నగరి మగ్గాల నూలు బట్టలు, ఈరోడ్ పంచెలు అమ్ముతారు. పనివాళ్ళు ఆరుగురు. ఏడాదికి సుమారు 1 కోటి 32 లక్షల అమ్మకం, దానిలో సరుకు ఖరీదు పోగా మిగిలేది నూటికి 30 రూపాయలు. సరుకు మీద 15 లక్షల దాకా అప్పు వాడుకోగల సీసీ ఖాతా బ్యాంకులో ఉంది. అద్దె, జీతాలు, కరెంటు, సీసీ వడ్డీ, నెలనెలా కట్టే చీటీ, ఇంటి ఖర్చు అన్నీ కలిపితే అమ్మకం ఉన్నా లేకపోయినా నెలకు 2 లక్షల 85 వేలు బయటికి పోతాయి.

చీటీని, ఇంటి ఖర్చును ఈ లెక్కలో ఎందుకు కలిపానని యజమాని మొదట అభ్యంతరం చెప్పారు. లాభనష్టాల పట్టికలో వాటికి చోటు లేదన్న మాట నిజమే. కానీ గల్లాలోంచి డబ్బు పోతున్నప్పుడు అది ఏ పేరుతో పోతోందన్నది గల్లాకు అవసరం లేదు. నగదు అంచనాలో ప్రతి రూపాయికీ అడిగేది ఒకే ప్రశ్న: ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది?

వచ్చిన సమస్య

2024 జూలై చివరిలో తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి వచ్చారు. సీసీ ఖాతా అంచుల దాకా వాడేశారు. సూరత్ వ్యాపారికి ఇచ్చిన చెక్కు ఒకటి తిరిగివచ్చింది. జీతాలు ఇవ్వడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చారు, అంటే ఏడాదికి 24 శాతం. ఇంత ఇబ్బందిలోనూ అల్మారాల నిండా పట్టుచీరలు ఉన్నాయి.

"తిరుపతిలో పెద్ద షోరూములు వచ్చాక మా బేరం అటు పోయింది సార్. మే, జూన్ నెలల్లో అమ్మకం సగానికి పడిపోయింది," అన్నారు యజమాని.

అది నిజమైతే నగదు అంచనాతో పని జరగదు. దుకాణం చిన్నదిగా చేసుకోవాలి, లేదా సరుకు రకం మార్చాలి. అందుకని పట్టిక జోలికి పోకుండా ముందు ఈ మాట నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నాను. 2023 మే, 2024 మే బిల్లులను కంప్యూటర్‌లోంచి తీయించి రెండు కుప్పలు చేశాం. ఒకే బిల్లు 12 వేలు దాటితే అది పెళ్ళి బేరం, అంతకు తక్కువైతే మామూలు బేరం. గీత కొంచెం మొరటుదే, కానీ పెళ్ళికి వచ్చినవాళ్ళు ఒక్క చీరతో వెళ్ళరు కాబట్టి ఈ పనికి సరిపోతుంది.

2023 మేలో మొత్తం అమ్మకం 14 లక్షల 20 వేలు. అందులో పెళ్ళి బేరాలు 8 లక్షల 10 వేలు, మామూలు బేరం 6 లక్షల 10 వేలు. 2024 మేలో మొత్తం 6 లక్షల 40 వేలు. అందులో మామూలు బేరం 5 లక్షల 90 వేలు. అంటే మామూలు కొనుగోలుదారులు ఎక్కడికీ పోలేదు. పెళ్ళిళ్ళే లేవు. ఆ ఏడాది ఏప్రిల్ చివరి నుంచి జూలై మొదటి వారం దాకా మూఢం. అది ముగిసిందో లేదో, జూలై 6 నుంచి ఆగస్టు 4 దాకా ఆషాఢం. అంటే సుమారు మూడు నెలలపాటు ముహూర్తాలు లేవు. పోటీ వల్ల పోయిన బేరమైతే రెండు కుప్పలూ తరిగి ఉండాలి.

ఈ సంగతి పంచాంగంలో 2024 ఉగాదికి ముందే అచ్చయి ఉంది. యజమాని ఇంట్లో పంచాంగం ఉంది, మూఢం సంగతి ఆయనకు తెలుసు కూడా. అయినా ఆ తెలిసిన విషయం సరుకు ఆర్డరు దాకా రాలేదు. కిందటి వేసవి అమ్మకం చూసి మార్చి చివరిలో 18 లక్షల సరుకు అప్పు మీద తెచ్చారు. దాని గడువులు జూన్, జూలై నెలల్లో పడ్డాయి.

అప్పటిదాకా వాళ్ళు చేసినవి, అవి ఎందుకు పనికిరాలేదు

తండ్రి పద్ధతి సులువైనది: పోయిన ఏడాది ఇదే నెల అమ్మకానికి నూటికి పది కలపడం. పప్పులు, నూనెలు అమ్మే కొట్టుకు ఇది చాలావరకు సరిపోతుంది. ఇక్కడ సరిపోదు, ఎందుకంటే మన పండుగలు, పెళ్ళిళ్ళు చాంద్రమాసాల లెక్కన నడుస్తాయి, అద్దె, జీతాలు, బ్యాంకు వడ్డీ ఇంగ్లీషు నెలల లెక్కన నడుస్తాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి అసలు శ్రావణం ఆగస్టు 17న మొదలైంది, 2024లో ఆగస్టు 5నే మొదలైంది. దీపావళి 2023లో నవంబరు 12, 2024లో అక్టోబరు 31. 2023 నవంబరు అమ్మకం చూసి 2024 నవంబరుకు అంచనా వేస్తే, అప్పటికే అయిపోయిన పండుగకు సరుకు తెచ్చినట్టవుతుంది.

కొడుకు బీకాం చదివాడు. స్ప్రెడ్‌షీటులో ఏడాది అమ్మకాన్ని పన్నెండుతో భాగించి నెలకు 11 లక్షలని వేశాడు. ఆ పట్టికలో ఏ నెలా లోటు కనిపించదు. ఏడాది మొత్తానికి లాభం ఉన్నందువల్ల సగటు ప్రతి నెలనూ లాభంగానే చూపిస్తుంది. లోటు ఏ నెలలో వస్తుందో చెప్పడమే ఈ పట్టిక పని, సగటు చెరిపేసేది సరిగ్గా దాన్నే.

ఆ తర్వాత అతనే ఇంకో పట్టిక తయారు చేశాడు. చీరల రకాలవారీగా, రోజువారీగా, నలభైకి పైగా వరుసలు. రెండో నెలకే ఆగిపోయింది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించాక నలభై గళ్ళు నింపే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా ఆరణి పట్టు ఎంత, కంచి పట్టు ఎంత అన్నది సరుకు తెప్పించేటప్పుడు కావాలి, నగదు అంచనాకు దానితో పని లేదు.

పనిచేసిన పట్టిక

బిల్లులను రెండు కుప్పలు చేసినప్పుడే పట్టిక రూపం నాకు కనిపించింది. మామూలు బేరం నెలకు సుమారు 6 లక్షలు, పెద్దగా మారదు. పండుగ అమ్మకం శ్రావణం, దసరా-దీపావళి, సంక్రాంతి సమయాల్లో అదనంగా వస్తుంది, దాన్ని పండుగ పడే నెలలో చేత్తో వేస్తే చాలు. ఇక మిగిలింది పెళ్ళి బేరం. మూఢానికి ముందటి ఏడాది పెళ్ళి బిల్లుల మొత్తాన్ని ఆ ఏడాది ముహూర్తపు రోజుల సంఖ్యతో భాగిస్తే ముహూర్తానికి 65 వేలు వచ్చింది. కాబట్టి మనం అంచనా వేయాల్సింది అమ్మకాన్ని కాదు. ముహూర్తాలను లెక్కపెట్టాలి, అవి ముందే అచ్చయి ఉన్నాయి.

ఒక చిక్కుంది. ముహూర్తం రోజున బట్టలు కొనరు. బిల్లుల మీది తేదీలు, శుభలేఖల తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కొనుగోలు సగటున మూడు వారాల ముందు జరుగుతోంది. అందుకని Muhurtam అనే షీటులో A నిలువు వరుసలో ముహూర్తపు తేదీలు, B నిలువు వరుసలో వాటికి 21 రోజుల ముందు తేదీలు పెట్టాం. అంచనా షీటులో మొదటి వరుస నెల మొదటి తేదీ. 2వ వరుస నెల మొదట్లో అందుబాటులో ఉన్న డబ్బు, 3 మామూలు అమ్మకం, 4 పండుగ అమ్మకం, 5 ముహూర్తాల సంఖ్య, 6 ముహూర్తానికి అమ్మకం, 7 పెళ్ళి బేరాల మీద చేతికొచ్చేది, 8 సరుకు వ్యాపారులకు చెల్లింపులు, 9 నెలవారీ ఖర్చులు, 10 జీఎస్టీ, 11 నెలాఖరు మిగులు. ఇంతే. సెప్టెంబరు E నిలువు వరుసలో ఉందనుకుంటే సూత్రాలు ఇవి:

```
Muhurtam!B2:  =A2-21
E5:   =COUNTIFS(Muhurtam!$B:$B,">="&E$1,Muhurtam!$B:$B,"<="&EOMONTH(E$1,0))
E7:   =0.6*E5*E6+0.3*D5*D6+0.1*C5*C6
E11:  =E2+E3+E4+E7-E8-E9-E10
F2:   =E11
```

E7 గురించి కొంత చెప్పాలి. ఈ ప్రాంతంలో పెళ్ళిబట్టలు తెలిసినవాళ్ళకు అరువు మీద ఇవ్వకుండా కుదరదు. బిల్లులో సుమారు 60 శాతం అప్పుడే ఇస్తారు. 30 శాతం పెళ్ళయ్యాక, చదివింపులు లెక్క చూసుకున్నాక, తర్వాతి నెలలో వస్తుంది. మిగిలిన 10 శాతం ఇంకా ఆలస్యంగా వస్తుంది. మామిడి రైతుల ఇళ్ళ పెళ్ళిళ్ళయితే గుజ్జు ఫ్యాక్టరీ డబ్బు చేతికొచ్చాకే ఇస్తారు. ఈ శాతాలు అరువు పుస్తకంలోంచి తీసినవి. అమ్మకాన్నే నగదుగా రాసుకుంటే మంచి నెల ఎక్కువగానూ, దాని తర్వాతి నెల తక్కువగానూ కనిపిస్తుంది.

2వ వరుసలో చేతిలోని డబ్బుతోపాటు సీసీలో ఇంకా వాడుకోగలిగిన మొత్తాన్ని కలిపాం. అయితే 15 లక్షల పరిమితి ఉంది కదా అని మొత్తం వేయకూడదు. సరుకు విలువలోంచి దాని మీద వ్యాపారులకు ఇవ్వాల్సిన బాకీ తీసేసి, మిగిలినదాని మీదే బ్యాంకు వాడకానికి అనుమతిస్తుంది. అప్పు మీద తెచ్చిన సరుకు అల్మారాలో ఎంత ఉన్నా ఈ లెక్కలో కలవదు. జూన్‌లో వాళ్ళ చెక్కు తిరిగిరావడానికి ఇదీ ఒక కారణం.

21 రోజులన్న లెక్కను కొన్నిచోట్ల చేత్తో సరిదిద్దాలి. ఆగస్టు మధ్యలో ముహూర్తాలు ఉంటే సూత్రం ప్రకారం కొనుగోలు జూలైలో పడుతుంది. కానీ ఆషాఢంలో పెళ్ళిబట్టలు కొనడం మొదలుపెట్టని కుటుంబాలే ఇక్కడ ఎక్కువ, శ్రావణం వచ్చేదాకా ఆగుతారు. కాబట్టి ఆ తేదీలను ఆగస్టులోకి జరిపాం. అక్టోబరు మధ్యలో పెళ్ళి ఉన్నవాళ్ళు మహాలయ పక్షం మొదలయ్యే లోపే కొనేస్తారు, అందుకని రెండు తేదీలను సెప్టెంబరు మొదటి సగంలోకి తెచ్చాం. ఏ సూత్రమూ ఈ పని చేయలేదు, కౌంటరు దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్న తండ్రి చేయగలరు. ఈ పట్టిక మీద ఆయనకు నమ్మకం కలిగింది కూడా ఇక్కడే. తేదీలు జరుపుతూ తనంతట తానే, "ఈ రెండు ముహూర్తాలూ శనివారం, ఆదివారం పడ్డాయి, జనం బాగా ఉంటారు," అని చెప్పడం మొదలుపెట్టారు.

పట్టిక మొదట చూపించినది

సూత్రాలు పెట్టిన రోజే ఒక విషయం తేలింది. నెలకు 2 లక్షల 85 వేల ఖర్చు నూటికి 30 మిగులులోంచి రావాలంటే 9 లక్షల 50 వేల అమ్మకం కావాలి. మామూలు బేరం 6 లక్షలే. మిగిలిన మూడున్నర లక్షలు పెళ్ళిళ్ళ వల్ల వస్తే అందుకు ఐదారు ముహూర్తాలు కావాలి. అంటే పండుగ లేని, ముహూర్తాలు లేని నెల ఈ దుకాణానికి ఎప్పుడూ లోటు నెలే. అది ఎవరి అసమర్థతా కాదు, ఆ వ్యాపారం తీరే అంత. కాబట్టి మంచి నెలలో మిగిలింది ఆ నెల లాభం కాదు, రాబోయే ఖాళీ నెల జీతాలు.

ఇక సెప్టెంబరు. ఆగస్టు మొదటి వారంలో, శ్రావణ మాసపు రద్దీతో గల్లా నిండుతున్న రోజుల్లో, పట్టిక సెప్టెంబరు చివర ఎర్ర అంకె చూపించింది. నెల మొదట్లో అందుబాటులో ఉండేది 3 లక్షల 20 వేలు. మహాలయ పక్షం వల్ల మామూలు అమ్మకం 5 లక్షల 20 వేలకు తగ్గించి వేశాం. ఆ నెల రెండు ముహూర్తాల బేరం మీద 78 వేలు, ఆగస్టులోని ఏడు ముహూర్తాల బాకీ మీద 1 లక్షా 36 వేల 500. మొత్తం రాబడి సుమారు 7 లక్షల 35 వేలు. చెల్లింపుల్లో జూలైలో అరవై రోజుల గడువు మీద తెచ్చిన శ్రావణ సరుకుకు 9 లక్షలు, నెల ఖర్చులు 2 లక్షల 85 వేలు, జీఎస్టీ 15 వేలు, మొత్తం 12 లక్షలు. నెలాఖరుకు 1 లక్షా 45 వేల లోటు.

మూడు దారులు ఆలోచించాం. సీసీ పరిమితి పెంచమని అడగడం మొదటిది. చెక్కు తిరిగివచ్చిన రెండు నెలలకే అడిగితే బ్యాంకు ఒప్పుకునే అవకాశం తక్కువ, ఒప్పుకున్నా సెప్టెంబరులోగా రాదు. రెండోది మళ్ళీ చేబదులు. లోటు చిన్నదే కాబట్టి యజమాని దానికే మొగ్గారు. నేను వద్దన్నాను, ఎందుకంటే పాత చేబదులు ఇంకా తీరలేదు, నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు మీద అప్పుగా పెరిగితే అది 9వ వరుసలో శాశ్వతంగా ఉండిపోతుంది. మూడోది, 9 లక్షల బాకీని మూడు ముక్కలు చేయమని సూరత్ వ్యాపారిని ముందుగానే అడగడం: గడువు రాకముందే ఆగస్టులో 3 లక్షలు, సెప్టెంబరులో 3 లక్షల 50 వేలు, దీపావళి అమ్మకం వచ్చాక అక్టోబరులో 2 లక్షల 50 వేలు.

అలా చేస్తే సెప్టెంబరు 20 వేలతో మొదలై 1 లక్షా 5 వేల మిగులుతో ముగుస్తుంది. నిజానికి గడువు దాటుతున్నది రెండున్నర లక్షలే, అందుకు బదులు మూడు లక్షలు ముందే చేతిలో పెడుతున్నాం. పట్టికను ముద్రించి సూరత్ వ్యాపారి తరఫు బ్రోకరు ముందు పెట్టాక ఆయన పెద్దగా బేరమాడలేదు. గడువు దాటాక ఫోను ఎత్తని వ్యాపారులకు అలవాటుపడ్డ మనిషికి, గడువుకు నెల ముందే డబ్బుతో ఎదురొచ్చిన వ్యాపారి మీద అనుమానం ఎందుకుంటుంది! దసరా సరుకు ఆర్డరును కూడా రెండు భాగాలు చేశారు.

సెప్టెంబరు చివరికి మిగిలింది 70 వేలు. అంచనాకు 35 వేలు తక్కువ, మహాలయ పక్షంలో మామూలు బేరం మేం అనుకున్నదానికంటే పడిపోయింది. ఆ నెల కొత్త చేబదులు తీసుకోలేదు.

ఎక్కడ తప్పుతుంది

నెలవారీ పట్టిక నెల మధ్యలో జరిగేది చూపించదు. జీతాలు మొదటి వారంలో, వ్యాపారుల చెక్కులు 10న, జీఎస్టీ 20న పోతాయి, అక్టోబరులో అమ్మకం చివరి వారంలో వస్తుంది. నెలాఖరు మిగులు బాగానే ఉన్నా 10వ తేదీన చెక్కు తిరిగిరావచ్చు. అన్ని నెలలనూ వారాలుగా విడగొడితే పాత నలభై వరుసల గతే పడుతుంది. కాబట్టి మిగులు 2 లక్షల కంటే తక్కువ కనిపించిన నెలను మాత్రమే 15వ తేదీ దగ్గర రెండు ముక్కలు చేస్తున్నాం.

రెండోది ముహూర్తానికి 65 వేలన్న అంకె. 2024 ఆగస్టులో ఏడు ముహూర్తాలకు 4 లక్షల 55 వేలు అంచనా వేస్తే 5 లక్షల 60 వేల బేరం జరిగింది, అంటే ముహూర్తానికి 80 వేలు. మూడు నెలలు ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఉన్న కొద్ది ముహూర్తాల మీదే పడ్డాయి. అందుకే 6వ వరుసను ఒకే స్థిరమైన అంకెగా కాక నెలనెలా మార్చుకునేలా ఉంచాం. పొడవైన మూఢం తర్వాతి మొదటి నెలకు 80 వేలు, మిగతా నెలలకు 65 వేలు. ఒక్క అనుభవం మీద పెట్టిన అంకె కాబట్టి 80 వేలను నమ్మి ఎక్కువ సరుకు తేవద్దని మాత్రం చెప్పాను.

ప్రతి నెల 1వ తేదీన కొడుకు పోయిన నెల అసలు అంకెలను అంచనా పక్కనే రాస్తాడు. పదో వంతు కంటే ఎక్కువ తేడా వచ్చిన వరుసకు మాత్రమే కారణం వెతుకుతారు. అరగంట పని.

2025 అక్టోబరులో అంచనా పొడిగించినప్పుడు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఒక్క ముహూర్తమూ కనిపించలేదు, మళ్ళీ శుక్ర మూఢం. ఆ వెనుకే 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. కిందటి ఫిబ్రవరి మాఘమాసపు అమ్మకం చూసి ఉంటే మూడు నెలల ముందే పట్టు ఆర్డరు ఇచ్చేవాళ్ళు. ఈసారి సంక్రాంతికి అమ్ముడుపోయే నూలు, ఫ్యాన్సీ సరుకు మాత్రమే తెచ్చారు. చీటీ పాటను జనవరికి పెట్టుకున్నారు, ఎందుకంటే పట్టికలో అన్నిటికన్నా లోతైన లోటు ఆ నెలాఖరులో ఉంది. కంచి పట్టు ఆర్డరును మాత్రం ఫిబ్రవరి మొదటి వారానికి రాశారు. మూఢం విడిచాక వచ్చే ముహూర్తాలకు కొనేవాళ్ళు దుకాణానికి వచ్చే సమయం అది.